303 ముందు రెండు బిందెలు

మొన్న మియాపూర్‌లో మా చెల్లెలి కూతురు ఇంటికి వెళ్లాను. పదకొండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుందో లేదో, నువ్వులు మాడీ మాడకుండా వేగే వాసన గుప్పుమంది. దాని వెనకే వెల్లుల్లి, కరివేపాకు. చేతిలో సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లిఫ్టు తలుపు మూసుకోబోయి నా భుజానికి తగిలి మళ్లీ తెరుచుకుంది.

ఆ వాసన సర్వపిండిది. అది నాకు తెలిసింది విద్యానగర్‌లో మేం మొదట అద్దెకు దిగిన అపార్ట్‌మెంట్‌లో, 304 తలుపు సందులోంచి. మాది 303. రెండు గుమ్మాలకీ మధ్య నాలుగు అడుగులు కూడా ఉండవు. ఆ నాలుగు అడుగులు దాటడానికి మా ఇద్దరికీ దాదాపు ఏడాది పట్టింది.

*

అప్పటికి నాకు పెళ్లయి ఎనిమిది నెలలు. అమలాపురం దగ్గర పల్లెటూరి పిల్లని, బ్యాంకులో ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో దిగాను. మా ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. నెలలో సగం రోజులు ఊళ్ల మీదే.

ఆ బిల్డింగ్‌లో పొద్దు ఎలా మొదలయ్యేదో ఇప్పటికీ చెవుల్లో ఉంది. ముందు కింద సెల్లార్‌లో మోటారు గురగుర. తర్వాత పాలబ్బాయి చెప్పుల చప్పుడు, తలుపు గొళ్లేనికి తగిలించిన సంచీలో ప్యాకెట్ పడిన టప్పుమనే శబ్దం. ఎవరింట్లోనో రేడియోలో భక్తిరంజని. ఆ తర్వాత 304 గొళ్లెం. ఆ గొళ్లెం తీస్తే ఒకసారి, తలుపు లాగితే ఇంకోసారి, రెండుసార్లు మోగేది.

304లో ఉండే ఆవిడకి అరవై దాకా ఉంటాయి. ఊరు వరంగల్ అవతల ఎక్కడో. కొడుకు లారీల వ్యాపారం, ఇంట్లో ఉండేది తక్కువ. నేను తాళం వేసుకుని ఆఫీసుకి బయల్దేరే వేళకి సరిగ్గా గుమ్మంలోకి వచ్చేది.

"ఏం కూర బిడ్డా?"

రోజూ అదే ప్రశ్న. మా వైపు పరిచయం లేనివాళ్లు అలా అడగరు. అడిగారంటే కూపీ లాగుతున్నారనే అర్థం. ఏం వండుకుంటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు, అసలు వండుకుంటున్నారా హోటల్ నుంచి తెచ్చుకుంటున్నారా. నాకు అలాగే అనిపించింది. అందుకని ఏం వండినా "పప్పండీ" అనేసి మెట్లు దిగేదాన్ని. వంకాయ వండినా పప్పే, దొండకాయ వేయించినా పప్పే. నెల రోజులు అలా గడిచాక ఆవిడ మొహంలో జాలి కనిపించడం మొదలైంది. జీతాలొచ్చే ఇంట్లో రోజూ పప్పేనా అనుకుని ఉంటుంది.

నేను మెట్లు దిగుతుంటే పైనుంచి ఇంకో మాట వినిపించేది. "పైలం!" మొదట్లో ఎవరినో పిలుస్తోందనుకున్నాను. తర్వాత తిట్టేమోనని అనుమానం వచ్చింది. ఆఫీసులో నా పక్క కౌంటర్‌లో సిద్దిపేట ఆయన ఉండేవారు. ఒకరోజు లంచ్‌లో మెల్లగా అడిగాను. ఆయన బాక్సు మూత పక్కన పెట్టి పగలబడి నవ్వారు. "జాగ్రత్తగా వెళ్లిరా అని మేడమ్. తిట్టు కాదు." మరి 'ఏం కూర' సంగతేమిటంటే, "మీరు బాగున్నారా అంటారు కదా, మేం ఏం కూర అంటాం" అన్నారు.

మర్నాడు ఆవిడ అడిగినప్పుడు నిజం చెప్పాను. "ఆనపకాయ, పాలు పోసి." ఆవిడకి ఆనపకాయంటే ఏమిటో తెలీలేదు. చేత్తో పొడుగు చూపించాను. "సొరకాయ్నా? సొరకాయల పాలు పోస్తరా?" అని బుగ్గన వేలేసుకుంది. అప్పట్నుంచి ఆ ప్రశ్నకి నేను భయపడలేదు. కానీ ఆవిడ నన్ను మొదటిరోజు నుంచీ 'నువ్వు' అనడం మాత్రం మనసులో ఓ మూల గుచ్చుకుంటూనే ఉండేది. నేను పిన్నిగారూ అని అంత మర్యాదగా పిలుస్తున్నాను కదా అని. ఆ 'గారు' ఆవిడకి ఎలా వినబడేదో చాన్నాళ్లకి చెప్పింది. "గారు గారు అని నన్ను గుమ్మం బయటనే నిలవెడ్తుండె ఈ పిల్ల అనుకున్న."

*

ఒకరోజు జ్వరం వచ్చి సెలవు పెట్టాను. పాలసంచీ తీసుకోవడానికి తలుపు తీస్తే ఎదురుగా ఆవిడ. "ఏం కూర" అనగానే "ఏం వండలేదండీ, ఒంట్లో బాలేదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. అడిగింది కదా, ఒక మాటైనా అనకూడదా అని నాకు కోపం కూడా వచ్చింది. గంట తర్వాత తలుపు చప్పుడైంది. తీస్తే మనిషి లేదు. గడప మీద స్టీలు గిన్నె, మీద పళ్లెం, లోపల గుండ్రంగా, ఎర్రగా, మధ్యమధ్య చిల్లులున్న రొట్టెలాంటిది. అంచు కరకరమంది. మధ్యలో మెత్తగా, శనగపప్పు పంటికి తగులుతూ. జ్వరం నోటికి ఎంత బాగుందో!

తర్వాత ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను గానీ, అప్పుడు దాని విలువ నాకు తెలీదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, కారం, దంచిన వెల్లుల్లి, ఉల్లికాడలు వేసి గోరువెచ్చని నీళ్లతో కలుపుతారు. ముద్దని గంజు లోపలివైపు అడుగుకీ అంచులకీ వేళ్లతో పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె వదిలి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచాలి. సెగ పెంచితే అడుగు మాడుతుంది, లోపల పిండి పచ్చిగానే ఉండిపోతుంది. మొదట తడి ఆవిరై సుయ్‌మంటుంది. ఆ చప్పుడు తగ్గి, నువ్వుల వాసన వచ్చి, అంచులు గంజుని వదిలితే అయినట్టు. ఇరవై నిమిషాలకి తయారయ్యేది ఒక్కటే. రెండోది వెంటనే ఒత్తుదామంటే కుదరదు. వేడి గంజుకి పిండి అంటదు సరికదా వేళ్లు కాల్తాయి. గంజుని బోర్లించి నీళ్లు పోసి చల్లార్చి మళ్లీ మొదలుపెట్టాలి. గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. ఆవిడ పొద్దున తినడానికి ఒత్తుకున్న సర్వపిండి అది. నాకు పెట్టేసి, తను గంజు చల్లారేదాకా ఖాళీ కడుపుతో కూర్చుంది.

గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. మర్నాడు పొద్దున్నే తళతళా తోమి, గుప్పెడు పంచదార పోసి ఇచ్చాను. ఆలస్యం చెయ్యకుండా ఇవ్వడం మర్యాద అనుకున్నాను. ఆవిడ గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. "ఇంత తొందరేమున్నది బిడ్డా" అంది. ఆ మాటలో ఏదో తేడా ఉందని తెలిసింది గానీ ఏమిటో తెలీలేదు. వాళ్లింట్లో ఇరుగుపొరుగు గిన్నె వారమో పదిరోజులో ఉండి, ఏదైనా మంచి వంట చేసుకున్న రోజున దాంతో తిరిగొస్తుంది. తెల్లారేసరికి వెనక్కి వచ్చిందంటే అప్పు తీర్చేసుకున్నట్టట. పైగా ఆవిడకి షుగర్. అది నాకెలా తెలుస్తుంది!

పదిరోజులకి అదే గిన్నె సకినాలతో మళ్లీ మా గడప మీదికొచ్చింది.

*

ఇప్పుడు నీళ్ల సంగతి చెప్పాలి. ఈ కథంతా నీళ్ల గురించే.

మిగతా వాడకానికి బోరు నీళ్లున్నా, తాగడానికి మాత్రం మంజీర నీళ్లే. రోజు విడిచి రోజు వచ్చేవి. కింద సంపులో పడ్డ నీళ్లని వాచ్‌మన్ పైన విడిగా ఉన్న చిన్న ట్యాంకుకి ఎక్కించి, పదిన్నరకో పదకొండుకో వాల్వు తిప్పేవాడు. అంతస్తుకి ఒకటే నల్లా, కారిడార్ చివర. ఇంటికి రెండు బిందెలు లెక్క. అరగంటలో ట్యాంకు ఖాళీ. తప్పిపోయినవాళ్లు ఎల్లుండి దాకా ఆగాల్సిందే.

ఆ వేళకి నేను కౌంటర్‌లో ఉంటాను. ఎవరైనా దయతలుస్తారేమోనని బిందెలు నల్లా దగ్గర వరసలో పెట్టి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి రెండూ నిండి మా గుమ్మం ముందు ఉండేవి. మూతలు పెట్టి, గాలికి ఎగరకుండా మీద చిన్న రాయి. వాచ్‌మన్ భార్య చేస్తోందనుకుని నెలాఖరున ఆవిడ చేతిలో పది రూపాయలు పెట్టాను. ఆవిడ మారు మాట్లాడకుండా కొంగున ముడేసుకుంది. మూడు నెలలు అలాగే ఇచ్చాను.

ఒక సెలవు రోజున తలుపు ఓరగా తీసి చూస్తే, 304 ఆవిడ రెండు చేతులతో బిందె పట్టుకుని, నడుముకి ఆనించుకుని, గోడ పక్కగా అడుగులో అడుగు వేసుకుంటూ మా గుమ్మం వైపు వస్తోంది. నేను బయటికి వెళ్లలేకపోయాను. సిగ్గు, కృతజ్ఞత, వాటితో పాటు ఎందుకు చేస్తోందన్న అనుమానం కూడా. ఊరికే ఎవరు చేస్తారు? రేపు ఏం అడుగుతుందో? పట్నంలో జాగ్రత్తగా ఉండమని మా నాన్న చెప్పి పంపిన మాటలన్నీ అప్పుడే గుర్తొచ్చాయి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను మెట్లెక్కి వస్తుంటే, "బిందెలు అడ్డం పడ్డయ్ బిడ్డా" అంది. నాకు 'అడ్డం' ఒక్కటే వినబడింది. నా బిందెలు ఆవిడకి అడ్డంగా ఉన్నాయన్నమాట! ఇంతకాలం మోసింది కూడా దారి ఖాళీ చెయ్యడానికేనేమో అనిపించింది. నిజానికి ఆవిడ చెప్పింది, గాలికి దొర్లి పక్కకి పడిపోయాయని, ఒకటి సొట్టపోయిందని. సొట్ట నేను తర్వాత చూశాను. చూసి కూడా రెండూ కలుపుకోలేదు.

ఒకటో తారీకు నుంచి వాచ్‌మన్ భార్యకి నెలకి ఇరవై రూపాయలు మాట్లాడుకున్నాను. బిందెలు పట్టి తన దగ్గరే ఉంచి, నేను రాగానే ఇంట్లో పెట్టాలి. ముసలావిడకి శ్రమ తప్పించానని, మాట పడకుండా తప్పుకున్నానని, రెండు రకాలుగానూ తృప్తిపడ్డాను.

దానికి రెండు రోజుల ముందే మా అత్తయ్యగారు ఊరినుంచి వచ్చారు. ఆవిడకి మడి, ఆచారం ఎక్కువ. ఆవిడ రాకకీ ఈ బిందెలకీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

*

'ఏం కూర' ఆగిపోయింది.

మొదటి నాలుగు రోజులూ హాయిగా ఉన్నట్టే అనిపించింది. ఐదోరోజు తాళం వేస్తూ, కావాలనే కాస్త ఆలస్యం చేశాను. లోపల మనిషి కదిలిన అలికిడి ఉంది. గొళ్లెం మాత్రం మోగలేదు. 'పైలం' వినకుండా మెట్లు దిగితే, ఇంట్లో ఏదో మర్చిపోయి వచ్చినట్టుండేది.

ఏం తప్పు చేశానా అని ఆలోచించాను. వాచ్‌మన్ భార్య మాటల్లో, 304 అమ్మకి షుగరని అప్పుడే తెలిసింది. ఓహో, పంచదార పోసి ఇచ్చినందుకు! పోనీ సరిదిద్దుకుందామని, షుగర్‌కి మంచిదంటారు కదా అని, ఒక ఆదివారం కాకరకాయలు కూరి కారం పెట్టి వేయించాను. అత్తయ్యగారు వెళ్లిపోయిన మర్నాడన్నమాట. సకినాల గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. దాన్నిండా సర్ది, తలుపు కొట్టి చేతికిచ్చాను. ఆవిడ మూత తీసి చూసింది. "కాకరకాయ" అంది. అంతే. తలుపు మెల్లగా వేసుకుంది.

ఆవిడ వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తల్చుకుంటే నవ్వూ వస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి. తన చేతి నీళ్లు వద్దంది, పైగా చేదు తెచ్చి పెట్టింది!

*

అది మే నెల. శనివారాలు బ్యాంకు ఒంటిపూట. రెండున్నరకి ఇంటికొచ్చి చూసుకుంటే బ్యాగులో తాళంచెవి లేదు, ఆఫీసు సొరుగులో ఉండిపోయింది. మా ఆయన కర్నూలు నుంచి రాత్రికి గానీ రాడు. కరెంటు లేదు. మెట్ల మీద కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ నేరుగా మొహం మీదే. అరగంటయ్యాక గొళ్లెం మోగింది. రెండుసార్లు.

"ఎండల కూసున్నవేంది? లోపలికి రా."

వెళ్లి గచ్చు మీద కూర్చుని, "పిన్నిగారూ, కాసిని మంచినీళ్లు ఇస్తారా" అన్నాను.

ఆవిడ వెంటనే లేవలేదు. నన్ను ఒకసారి చూసి, అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటికి ఓ చేతిలో చెంబు, ఓ చేతిలో ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు చింతపండుతో అప్పుడే తోమినట్టుంది, తడి ఆరలేదు. రెండూ నా ముందు పెట్టి దూరంగా జరిగి నిలబడింది. ఇవన్నీ తర్వాత గుర్తొచ్చినవే. అప్పుడు నాకు గొంతెండిపోతోంది. గ్లాసు నింపుకుని, కరిచిపెట్టి గటగటా తాగేశాను. ఎత్తి పోసుకోవాలని గానీ పోసుకోకూడదని గానీ ఆలోచనే లేదు. రెండో గ్లాసూ అంతే. అదేదో ఉదారంగా చేశానని చెప్పుకోను. దాహం, అంతే.

గ్లాసు దించేసరికి ఆవిడ నా ఎదురుగా కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోదు ఎప్పుడూ.

"మల్ల నా బిందెలెందుకు వద్దన్నవ్?"

నాకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. 'అడ్డం' అన్నారు కదా అన్నాను. ఎప్పుడన్న అంది. చెప్పాను. "అడ్డం పడ్డయంటే, కింద పడ్డయని!" అని నుదురు కొట్టుకుంది. పంచదార సంగతి వచ్చింది, మర్నాడే గిన్నె ఇచ్చిన సంగతి వచ్చింది. చివరికి కాకరకాయ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నేనేమో, ఇగ నాతోటి చేదే అని చెప్తున్నదనుకున్న. అయినా తిన్న. మంచిగనే ఉండె." వాచ్‌మన్ భార్యకి ఇచ్చిన రూపాయల లెక్క చెబితే ఇంకా నవ్వింది.

కరెంటు వచ్చి ఫ్యాను తిరిగేదాకా నవ్వుకుంటూనే ఉన్నాం. సోమవారం మళ్లీ బిందెలు నల్లా దగ్గర పెట్టి వెళ్లాను. మోయొద్దని ఒట్టు పెట్టించుకుని, నల్లా కింద నింపి ఉంచితే నేను తెచ్చుకునే ఏర్పాటు చేసుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి గుమ్మం ముందే ఉన్నాయి, మీద రాయితో సహా.

*

మూడేళ్ల తర్వాత నాకు రాజమండ్రి ట్రాన్స్‌ఫరైంది. సామాను లారీకి ఎక్కించిన రోజు రాత్రి భోజనం ఆవిడ ఇంట్లోనే. తిన్నాక వక్కపలుకు నోట్లో వేసుకుంటూ చెప్పింది.

"ఒక మాట దాచిన బిడ్డా. నువ్వు బ్యాంకుకు పోయినంక, మీ అత్త వచ్చిన మర్నాడు, బిందెలు నేను పెట్టిన. ఎవరు పట్టిన్రని వాచ్‌మనోని పెండ్లాన్ని అడిగింది. రెండు బిందెలూ బాత్రూంల పారబోసింది. నేను సూసిన."

ఇంతకాలం నేను ఆవిడ అపార్థం చేసుకుందనుకుంటున్నాను. అపార్థమేం లేదు. మా ఇంట్లో జరిగింది ఆవిడకి సరిగ్గానే తెలుసు, తెలియంది నాకే. ఆ రోజు గ్లాసు తోమి తెచ్చి, దూరంగా జరిగి నిలబడింది అది మనసులో పెట్టుకునే. ఆ తర్వాత కూడా మా అత్తయ్యగారు వచ్చినప్పుడల్లా ఆవిడ ఏదో ఒక వంక చెప్పి మా గుమ్మం తొక్కేది కాదు. అదెందుకో అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

మా ఆయనతో అంటే, "అమ్మ తరం అంతే, ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తుంది" అన్నారు. అత్తయ్యగారిని నేను ఎన్నడూ అడగలేదు. అడిగానని రాసుకుంటే బాగుండేది. ఆవిడ ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోస్తున్నప్పుడు కూడా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

వెళ్లేటప్పుడు 304 గిన్నె నా సామాన్లలో వచ్చేసింది. నింపి ఇవ్వాల్సిన వంతు నాది. దాని అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన వాళ్లాయన పేరు, కింద పొట్టి అక్షరాల్లో వాళ్ల ఊరు. ఉత్తరాలు రెండు మూడు నడిచాయి. ఆవిడకి చదవడం రాదు, కొడుకు చదివి వినిపించాలి. తర్వాత కొడుకు ఇల్లు మారాడు. 304 ఆవిడ పోయిన కబురు ఆ సిద్దిపేట ఆయన ద్వారా, ఏడాది గడిచాక తెలిసింది.

*

మియాపూర్‌లో నేను లిఫ్టు దగ్గరే నిలబడి ఉండగా ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది. మా చెల్లెలి కూతురి ఈడు పిల్ల, చేతికి పిండి. నన్ను చూసి, "ఆంటీ, మీరు పక్కింటి అక్కోళ్ల పెద్దమ్మ కదా? ఊరికెళ్లి ఎప్పుడొచ్చిన్రు? ఏం కూర తెచ్చిన్రు?" అంది.

సంచీ కింద పెట్టాను.

"కంద బచ్చలి, ఆవ పెట్టి. పనసపొట్టు కూర వేరే డబ్బాలో ఉంది. చల్ల మిరపకాయలు. ఇంకా ఆనపకాయ కూడా తెచ్చానమ్మా, వండలేదు, పాలు పోసి చేద్దామని."

"సొరకాయల పాలా?" అంది ఆ పిల్ల.